‘వచ్చిందా?’ అంటే ఏది వచ్చిందా: రాయగడ పార్సెల్ ఆఫీసు బాట్ డైరీ

జూన్, మొదటి వారం

రాయగడలో మా మావయ్యది పార్సెల్ ఆఫీసు. ఇటు పార్వతీపురం, విజయనగరం, విశాఖ. అటు మునిగుడ, గుణుపూర్. సామాను బస్సుల మీదా చిన్న వ్యాన్ల మీదా వెళ్తుంది, కబుర్లు మాత్రం అన్నీ వాట్సాప్‌లోనే. బుకింగ్ తీసుకునే బాట్ ఇప్పటికే నడుస్తోంది, దాని సంగతి ఇక్కడ రాయను. ఈ డైరీ అంతా ఒకే ఒక్క చిక్కు గురించి: ఒకటి రెండు మాటల్లో వచ్చే మెసేజ్‌లు.

పెద్ద వాక్యాలతో బాధ లేదు. “నిన్న విశాఖ నుంచి వేసిన రెండు బస్తాలు వచ్చాయా” అని రాస్తే ఎలాంటి మోడలైనా పట్టేస్తుంది. కానీ ఆఫీసు ఫోన్ తెరిచి చూస్తే కనిపించేవి ఇలాంటివి:

```
వచ్చిందా
vachinda
వచ్చీసిందా అన్నయ్యా
ఎంత
kete
kebe
పంపారా
ఏటయింది
వద్దు
?
```

రాయగడ కాబట్టి తెలుగు, ఒడియా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో ఒడియా అన్నీ కలిసే వస్తాయి. `kete` అంటే ఒడియాలో ఎంత, `kebe` అంటే ఎప్పుడు. రెండింటికీ తేడా ఒక్క అక్షరం.

“వచ్చిందా” అన్నవాడు మూడింట్లో ఏదైనా అడుగుతూ ఉండొచ్చు. నాకు రావలసిన పార్సెల్ రాయగడ చేరిందా? నేను పంపింది అవతల చేరిందా? నేను యూపీఐలో వేసిన డబ్బు మీకు అందిందా? కర్త లేని వాక్యం మనకు మామూలే, ఎదుటివాడికి తెలుసన్న ధీమాతో వదిలేస్తాం. కౌంటర్లో కూర్చునే అన్నయ్యకు ముఖం కనిపిస్తుంది, చేతిలో రసీదు కనిపిస్తుంది. బాట్‌కి కనిపించేది ఆ ఒక్క మాటే.

పంపినవాళ్లకు ఏం కావాలో దాన్ని ఇంటెంట్ అంటారు. మొదటి రెండు ప్రశ్నలకూ ట్రాకింగ్ చూసి జవాబు చెప్పడమే పని కాబట్టి రెండూ ఒకే ఇంటెంట్ కింద పెట్టాను. ఇప్పటికి నా దగ్గరున్నవి ఇవి: `parcel_status`, `payment_check`, `rate_query`, `time_query`, `pickup_request`, `cancel_booking`. ఇంకా చిన్న ముక్కలుగా కోయొచ్చు కానీ, చేసే పని మారనప్పుడు ఇంటెంట్ మార్చడం దండగ. అనవసరంగా చీల్చిన ప్రతిచోటా మోడల్‌కి కొత్త అనుమానం పుడుతుంది, ఆ అనుమానం కస్టమర్‌కి ఒక ప్రశ్నగా వెళ్తుంది.

జూన్, రెండో వారం: లేబుళ్లు

పాత మెసేజ్‌లకు నేనూ కౌంటర్ అన్నయ్యా విడివిడిగా, ఏది ఏ ఇంటెంటో చెప్పే లేబుళ్లు వేశాం, ఒకరిది ఒకరు చూడకుండా. ఇద్దరిదీ కలవని చోట గొడవ తేల్చుకుని ఒకటి ఖాయం చేయడం సాధారణంగా చేసే పని. చిన్న మెసేజ్‌ల దగ్గర ఆ పని చేయొద్దని ముందే అనుకున్నాం. కారణం రాసిపెడతాను, ఎందుకంటే ఈ ప్రాజెక్టు మొత్తానికి కీలకం ఇదే.

పది మంది “వచ్చిందా” అని పంపారనుకోండి. వాళ్ల తర్వాతి మెసేజ్‌లు చూస్తే ఆరుగురు పార్సెల్ గురించి, నలుగురు డబ్బు గురించి అడిగారని తేలింది. మనం “ఎక్కువ మంది పార్సెలే కదా” అని పదింటికీ `parcel_status` అని వేసేస్తే, శిక్షణలో మోడల్ చూసే లోకంలో “వచ్చిందా” అంటే నూటికి నూరు పాళ్లూ పార్సెలే. తర్వాత అది 0.97 అని స్కోరిస్తుంది. ఆ స్కోరు చూసి ‘బాట్‌కి గట్టి నమ్మకం ఉంది’ అనుకుంటాం. అది నిజంగా మన లేబుల్ నమ్మకం, కస్టమర్ మనసుతో దానికి సంబంధం లేదు. అడగాల్సిన అవసరాన్ని లేబుల్ వేసేటప్పుడే చెరిపేసుకున్నట్టు.

అదే పదింటినీ ఆరు ఒక లేబుల్‌తో, నాలుగు ఇంకో లేబుల్‌తో అలాగే ఉంచితే? శిక్షణలో మోడల్ తప్పును కొలిచే క్రాస్ ఎంట్రపీ అనే నష్టం, మోడల్ 0.6, 0.4 అని చెప్పినప్పుడే అతి తక్కువగా ఉంటుంది. అంటే మోడల్ నేర్చుకోవాల్సిన సరైన జవాబే ‘సందేహం’. ఒకే మెసేజ్‌కి రెండు లేబుళ్లు కనిపిస్తే డేటా పాడైందని శుభ్రం చేసే స్క్రిప్టులు చాలామంది వాడతారు. మామూలు డేటాలో మంచిదే. ఈ డేటాలో ఆ స్క్రిప్టు అసలు సమాచారాన్నే ఊడ్చేస్తుంది, అందుకే తీసేశాను.

మరి ఆ ఆరుగురు పార్సెల్ గురించే అడిగారని ఎలా తెలుస్తుంది? మెసేజ్ ఒక్కటే చూసి ఊహిస్తే తెలియదు. ఆ తర్వాతి నాలుగైదు మెసేజ్‌లు చూడాలి, చివరికి కౌంటర్‌లో ఏం చెప్పారో చూడాలి. తర్వాతి సంభాషణలో కూడా తేలని వాటిని పక్కన పెట్టేశాం. ఊహించిన లేబుల్ కన్నా లేని లేబుల్ నయం.

జూన్ చివర: స్కోరు ఎక్కడ నుంచి వస్తుంది

రెండు మోడళ్లు పక్కపక్కన నడిపాను. ఒకటి, అక్షరాల ముక్కలు (రెండు నుంచి ఐదు అక్షరాలవి) లెక్కబెట్టి లాజిస్టిక్ రిగ్రెషన్‌కి ఇచ్చేది. రెండోది మురిల్, అంటే గూగుల్ వాళ్లు భారతీయ భాషల కోసం తయారుచేసిన `google/muril-base-cased`. దానికి తెలుగూ ఒడియా రెండూ వచ్చు, ఇంగ్లీషు లిపిలో రాసిన రూపాలు కూడా శిక్షణలో చూసింది. `vachinda`, `vacchinda`, వచ్చీసిందా వంటి తేడాలకు మొదటి మోడల్ కూడా బాగానే తట్టుకుంది. పొడుగు వాక్యాల్లో మురిల్ ముందుంది. స్కోరు నిజాయితీలో మాత్రం కథ వేరు.

మోడల్ లోపల ప్రతి ఇంటెంట్‌కీ ఒక ముడి అంకె వస్తుంది. సాఫ్ట్‌మాక్స్ వాటిని మొత్తం 1 అయ్యేలా సంభావ్యతలుగా మారుస్తుంది. “ఎంత” అన్న మెసేజ్‌కి ముడి అంకెలు `rate_query` 4.0, `time_query` 2.0, `parcel_status` 0.5 అనుకుందాం. సాఫ్ట్‌మాక్స్ తర్వాత మొదటిది 0.86, రెండోది 0.12, మిగిలిన కాస్తా మూడోదానికి. చూడ్డానికి చార్జీ అడుగుతున్నాడని ఖాయమైపోయినట్టే ఉంటుంది. “ఎంత సేపు” అని అడగబోయి “ఎంత” దగ్గర ఆగినవాళ్ల వాటా నిజంగా అంత తక్కువా?

లోతైన న్యూరల్ నెట్‌వర్కులు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ధీమా చూపిస్తాయని 2017లో కార్నెల్ పరిశోధకులు కొలిచి చూపించారు. దానికి వాళ్లు సూచించిన మందు చాలా చిన్నది: ముడి అంకెలన్నిటినీ సాఫ్ట్‌మాక్స్‌కి ముందు ఒకే సంఖ్య `T`తో భాగించడం. దీన్ని టెంపరేచర్ స్కేలింగ్ అంటారు. పై ఉదాహరణలో `T` = 2 అయితే అంకెలు 2.0, 1.0, 0.25 అవుతాయి, సంభావ్యతలు 0.65, 0.24, 0.11 అవుతాయి. మొదటి స్థానం మారలేదు, కాబట్టి ఎన్ని సరిగ్గా చెప్పిందన్న లెక్కా మారదు. ధీమా ఒక్కటే తగ్గింది. `T` ఎంతో మనం ఊహించం, శిక్షణలో చూడని డేటా మీద నష్టం అతి తక్కువ ఎక్కడ వస్తే అదే తీసుకుంటాం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి దొరికింది. శిక్షణలో చూడని ఆ డేటా అంతా కలిపి `T` లెక్కిస్తే పటం చక్కగా వచ్చింది: 0.8 నుంచి 0.9 మధ్య స్కోరు వచ్చిన మెసేజ్‌లలో దాదాపు అంత శాతమే సరైనవి. కానీ అదే పటాన్ని మెసేజ్ పొడవు బట్టి విడగొడితే బొమ్మ మారిపోయింది. రెండు మాటల లోపు మెసేజ్‌లు ఇంకా అతి ధీమాగానే ఉన్నాయి. పొడుగు వాక్యాలు ఉండాల్సినదానికన్నా తక్కువ ధీమా చూపిస్తున్నాయి. రెండూ కలిపితే ఒకదాన్నొకటి సరిపెట్టుకుని బాగున్నట్టు కనిపించాయంతే. అందుకని రెండు `T`లు పెట్టాను, రెండు మాటల లోపుకి ఒకటి, ఆపై దానికి ఒకటి. చిన్నవాటికి వచ్చిన `T` ఒకటి కన్నా బాగా ఎక్కువ, పెద్దవాటిది ఒకటికి దగ్గర్లోనే ఉంది.

డేటా తక్కువైతే ఈ పటాన్ని మరీ నమ్మకూడదు. 0.8 నుంచి 0.9 లాంటి ఒక స్కోరు గడిలో 20 మెసేజ్‌లే ఉండి 17 సరైతే అది 85 శాతం. ఇంకో 20 తీస్తే 14 రావచ్చు, 19 రావచ్చు. అందువల్ల గడులు పది కాకుండా నాలుగే పెట్టుకుని చూస్తున్నాను.

జూలై, మొదటి వారం: రెండు రకాల సందేహం

`kete`, `kebe` దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. రెండింటికీ `rate_query`, `time_query` స్కోర్లు దాదాపు సగం సగం వస్తున్నాయి. “వచ్చిందా”కి కూడా సుమారుగా అంతే. అంకెలు చూస్తే ఒకే జబ్బులా ఉంది, కానీ ఒడియా తెలిసిన ఎవరికైనా `kebe`లో సందేహమే లేదు. సందేహం మాటలో లేదు, మోడల్ చదువులో ఉంది. మా డేటాలో ఒడియా మెసేజ్‌లు తక్కువ కావడంతో ఆ ఒక్క అక్షరం తేడా దానికి పట్టలేదు.

రెంటినీ విడదీయడానికి పాత పద్ధతే పనికొచ్చింది. అదే మోడల్‌ని ఐదుసార్లు, ప్రతిసారీ డేటాలోంచి వేరే నమూనా తీసి, శిక్షణ ఇచ్చాను. “వచ్చిందా”కి ఐదూ ఇంచుమించు ఒకే మాట చెప్పాయి, ఆరు పాళ్లు అటు, నాలుగు పాళ్లు ఇటు. `kebe` దగ్గర ఒకటి గట్టిగా టైమ్ అంటే ఇంకొకటి అంతే గట్టిగా చార్జీ అంది. సగటు తీస్తే రెండూ సుమారు సగం సగమే. మోడళ్లన్నీ కలిసి సందేహిస్తే మాటే అస్పష్టం, ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటే వాటికి తెలియదని అర్థం.

ఈ తేడా ఎందుకు కావాలంటే చేయాల్సిన పని వేరు. మొదటి రకానికి ఎంత డేటా పోసినా లాభం లేదు, కస్టమర్‌నే అడగాలి. రెండో రకానికి కస్టమర్‌ని అడగడం వాణ్ణి విసిగించడమే, డేటా పెంచాలి. ఆఫీసులో మూటలు దించే ఒడియా అబ్బాయి కూర్చుని రకరకాలుగా రాసిచ్చాడు: `kete heba`, `kete tanka`, `kebe asiba`, `asila ki`. మళ్లీ శిక్షణ ఇచ్చాక ఐదు మోడళ్లూ ఒక దారికొచ్చాయి. “వచ్చిందా” మాత్రం అక్కడే ఉంది, ఉండాలి కూడా.

“?”, బొటనవేలు బొమ్మ, “హలో” లాంటివి మోడల్ దాకా పంపడం లేదు. సాఫ్ట్‌మాక్స్ మొత్తం 1 కావాలి కాబట్టి ఏమీ లేని దానికి కూడా ఎవరికో ఒకరికి పెద్ద స్కోరు పంచిపెడుతుంది. వాటికి ముందే ఒక చిన్న పట్టిక పెట్టేశాను.

జూలై, రెండో వారం: ఎప్పుడు అడగాలి

బాట్లు కట్టే రెడీమేడ్ చట్రాల్లో ఈ పనికి గీతలు ముందే గీసి ఉంటాయి. వాటిలో ఒకటైన రాసాలో `FallbackClassifier` డిఫాల్ట్ ఇదీ:

```yaml
- name: FallbackClassifier
  threshold: 0.3
  ambiguity_threshold: 0.1
```

మొదటి ఇంటెంట్ స్కోరు 0.3 కన్నా తక్కువైనా, మొదటి రెండింటి తేడా 0.1 కన్నా తక్కువైనా వెనక్కి తగ్గు అని. మన “వచ్చిందా” స్కోర్లు 0.60, 0.40. గీత దాటింది, తేడా 0.20, కాబట్టి జవాబు చెప్పేస్తుంది. పదిలో నలుగురికి తప్పు చెబుతుంది. ఆ అంకెలు తప్పని కాదు, అవి మన ఆఫీసు కష్టనష్టాలు చూసి పెట్టినవి కావు.

గీత ఎక్కడ గీయాలన్నది నష్టాల లెక్క. అక్షరాలు గుర్తుపట్టే యంత్రాల కోసం సి.కె. చౌ ఈ లెక్కను 1957లోనే మొదలుపెట్టి 1970లో ఇంకా సాఫీగా రాశాడు: తప్పు చెప్పడం వల్ల నష్టం ఒకటి, చెప్పకుండా పక్కన పెట్టడం వల్ల నష్టం ఒకటి, రెండింట్లో తక్కువ ఏదో అది చెయ్యి. మనకు పక్కన పెట్టడం అంటే తిరిగి అడగడం. అడిగితే అయ్యే ఇబ్బందిని 1 అనుకుందాం. తప్పు పని చేస్తే నష్టం `C` అనుకుంటే, మోడల్ `p` నమ్మకంతో చెప్పినప్పుడు తప్పు వల్ల సగటు నష్టం `(1-p)*C`. అది 1 కన్నా ఎక్కువైతే అడగాలి. అంటే జవాబు చెప్పడానికి కావలసిన కనీస నమ్మకం `1 - 1/C`.

`C` ఎంతో మావయ్యతో కూర్చుని తేల్చాను. “పార్సెల్ ఎక్కడుందో అడిగితే డబ్బు సంగతి చెప్పావనుకో, ఏమవుతుంది?” అంటే, “ఫోన్ చేస్తాడు, రెండు నిమిషాలు పోతాయి. మూడుసార్లు అడిగించుకున్నంత చిరాకు” అన్నాడు. అయితే `C` = 3, గీత 0.67. మరి బుకింగ్ పొరపాటున రద్దయితే? మావయ్య ముఖం మారిపోయింది. “బండి మీంచి సామాను దించేసి, అది పోయాక ఆ మనిషి వచ్చి నిలబడితే? ఇరవై వేసుకో రా, తక్కువ వేయకు.” `C` = 20, గీత 0.95. చార్జీ, టైమ్ చెప్పడానికి కూడా 3 ఉంచాం.

అంటే ఒకే గీత అందరికీ సరిపోదు, ఏ పని చేయబోతున్నామో దాన్ని బట్టి గీత.

```python
def decide(p, cost_wrong, cost_ask=1.0):
    (a, pa), (b, pb) = top_two(p)
    if pa >= 1 - cost_ask / cost_wrong[a]:
        return "act", a
    if pa + pb >= 0.80:
        return "ask", (a, b)
    return "handover", None
```

“ఎంత” దీంట్లో పెట్టి చూద్దాం. `T` వాడక ముందు 0.86, గీత 0.67, చార్జీ చెప్పేస్తుంది. `T` వాడాక 0.65, గీత కిందే ఆగింది. మొదటి రెండూ కలిపితే 0.89, అంటే జవాబు ఈ రెండింట్లోనే ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి “చార్జీనా, టైమా” అని అడుగుతుంది. స్కోరు సరిదిద్దకుండా ఈ సూత్రం వాడితే సూత్రం సరైనదైనా ఫలితం తప్పే. మొదటి రెండూ కలిపినా 0.80 రాకపోతే రెండు దారులు చూపించి అడగడంలో అర్థం లేదు, అసలు దారి ఆ రెండింట్లో లేకపోవచ్చు. అది కౌంటర్ అన్నయ్య ఫోన్‌కి పోతుంది.

జూలై, మూడో వారం: ఎలా అడగాలి

“క్షమించండి, అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి” అని అడిగే బాట్ మీద నాకు కోపం. మళ్లీ చెప్పమంటే ఆ మనిషి మళ్లీ “వచ్చిందా” అనే పెడతాడు, ఈసారి ఇంకో ప్రశ్నార్థకం తగిలించి. మోడల్ ఏ రెండింటి మధ్య ఊగుతోందో ఆ రెండూ చూపించి అడగాలి.

వాట్సాప్‌లో జవాబు బటన్లు మూడుకు మించవు, ఒక్కో బటన్ మీద 20 అక్షరాలకు మించవు. మనకు గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. “పార్సెల్ ఎప్పుడు వస్తుంది” చూడ్డానికి చిన్నదే, లెక్కపెడితే 25. “ఎప్పటికి చేరుతుంది” 18, పడుతుంది. “పార్సెల్ వచ్చిందా” 17, “డబ్బు అందిందా” 13. బటన్ల మాటలు రాయడానికే ఒక పూట పట్టింది.

అడిగాక వచ్చే జవాబునీ జాగ్రత్తగా చదవాలి. రెండు బటన్లు ఇచ్చినా కొందరు నొక్కరు, “అవును” అని టైప్ చేస్తారు, లేదా “మొదటిది”, లేదా `1`. ఆ మాటను మళ్లీ అన్ని ఇంటెంట్ల మధ్య వర్గీకరిస్తే ఎక్కడికో పోతుంది. అందుకని ప్రశ్న వేసిన వెంటనే వచ్చే చిన్న జవాబును ఆ రెండు దారుల మధ్యే చూస్తున్నాను. నాలుగైదు మాటల వాక్యం వస్తే మాత్రం కొత్త మెసేజ్‌గా మొదటి నుంచి చూస్తున్నాను, ఎందుకంటే మనిషి అప్పటికి తనే వివరంగా చెప్పేశాడు. “అవును” అంటే రెండిట్లో ఏది అవునో తెలియదు కాబట్టి మనిషికి అప్పగింత. ఒక విషయం మీద ఒక్కసారే అడుగుతుంది, రెండోసారి అడగదు.

జూలై చివర: అడగకుండా తప్పించుకోవడం

మెసేజ్‌లో లేనిది రికార్డులో ఉంటుంది. పది నిమిషాల కింద మనం క్యూఆర్ పంపిన నంబర్ నుంచి “వచ్చిందా” వస్తే అది డబ్బు గురించే కావడానికి అవకాశం బాగా పెరుగుతుంది. దీన్ని లెక్కలోకి తేవడం సులువే. మామూలుగా ఆ ఇంటెంట్ ఎంత తరచుగా వస్తుంది, ఈ పరిస్థితిలో ఎంత తరచుగా వస్తుంది, ఆ నిష్పత్తితో మోడల్ స్కోరును గుణించి మళ్లీ మొత్తం 1 చేయాలి.

క్యూఆర్ పంపిన వెంటనే డబ్బు ప్రశ్న మామూలు కన్నా మూడు రెట్లు, పార్సెల్ ప్రశ్న సగం అనుకుందాం. 0.60ని 0.5తో గుణిస్తే 0.30. 0.40ని 3తో గుణిస్తే 1.20. మొత్తం 1.50తో భాగిస్తే పార్సెల్ 0.20, డబ్బు 0.80. గీత 0.67 దాటింది, అడగకుండానే “డబ్బు అందింది” అని చెప్పొచ్చు. మాట మారలేదు, మోడల్ మారలేదు.

దీనికి హద్దు ఉంది. ఇక్కడ చాలా ఇళ్లలో ఒకే ఫోన్. నాన్న క్యూఆర్‌కి డబ్బు వేస్తాడు, అదే నంబర్ నుంచి కూతురు తన కాలేజీ పుస్తకాల పెట్టె గురించి “వచ్చిందా” అంటుంది. రికార్డు నంబర్‌ది, మనిషిది కాదు. అందుకని నిష్పత్తి నాలుగు రెట్లు దాటకుండా, నాలుగో వంతుకు తగ్గకుండా కట్టేశాను. అప్పుడు మోడల్ గట్టిగా ఒకటి చెబుతుంటే రికార్డు దాన్ని తేలిగ్గా తిరగేయలేదు.

ఇదంతా చూసిన కౌంటర్ అన్నయ్య ఒక మాట అన్నాడు. “నన్నెవరైనా వచ్చిందా అంటే నేనేమీ అడగను. ‘డబ్బులొచ్చాయి, సామాను సాయంత్రం బండికి’ అని రెండూ చెప్పేస్తాను.” నిజమే కదా! రెండూ చూసి చెప్పేవే, ఏదీ మార్చేవి కావు. రెండూ చెబితే కస్టమర్ ఒక లైను ఎక్కువ చదువుతాడు, ప్రశ్న కన్నా అది చవక. అందుకని `decide`లో అడిగే లైనుకి ముందు ఇంకో దారి పెట్టాను:

```python
    if a in READ_ONLY and b in READ_ONLY and pa + pb >= 0.80:
        return "both", (a, b)
```

“వచ్చిందా”కి ఇప్పుడు ప్రశ్న దాదాపు పోవడం లేదు. “మీ డబ్బు అందింది. పార్సెల్ పార్వతీపురం దాటింది, సాయంత్రానికి రాయగడ” అని ఒకే జవాబు. “ఎంత”కి మాత్రం ఈ పద్ధతి నప్పలేదు. చార్జీ చెప్పాలంటే బరువూ ఊరూ కావాలి, అవి లేకుండా రెండూ చెప్పబోతే జవాబు రేట్ల పట్టిక అవుతుంది. ప్రశ్నే నయం, అందుకని `rate_query`ని ఆ `READ_ONLY` జాబితాలోంచి తీసేశాను.

ఆగస్టు, మొదటి వారం

బటన్ నొక్కిన ప్రతిసారీ మనకు ఉచితంగా ఒక లేబుల్ వస్తుంది, కస్టమర్ స్వయంగా చెప్పినది. దాన్ని అలాగే శిక్షణలో పోయకూడదు. పైనున్న బటన్ నొక్కే అలవాటు అందరికీ ఉంటుంది, మోడల్ మొదటి ఊహనే ఎప్పుడూ పైన పెడితే అది తన ఊహనే తను నిజం చేసుకుంటుంది. బటన్ల వరుసను ప్రతిసారీ తిరగేస్తున్నాను. ఇంకోటి, అడిగిన చోటే లేబుళ్లు వస్తాయి. ధీమాగా జవాబు చెప్పేసిన చోట తప్పులు ఎప్పటికీ కనిపించవు. ధీమా ఉన్న వాటిలో కూడా కొద్ది వాటాని కావాలని అడిగి చూడటమే దారి. మావయ్య మొదట ఒప్పుకోలేదు, “తెలిసీ అడగడమేంట్రా” అని. నూటికి రెండు మించవని చెబితే సరేనన్నాడు.

మిగిలింది “వద్దు”. ఇది మిగతావాటికన్నా మొండిది, ఎందుకంటే దీని వెనక 0.95 గీత ఉన్న `cancel_booking` ఉంది, అడగక తప్పదు. “బుకింగ్ రద్దు చేయాలా?” అని అడిగితే జవాబు మళ్లీ “వద్దు”. రద్దు వద్దా, పార్సెల్ వద్దా? కాబట్టి అవును కాదులతో జవాబు రాగల ప్రశ్న ఇక్కడ పనికిరాదు. “మీ గుణుపూర్ బుకింగ్ ఏం చేయమంటారు?” అని అడిగి, “రద్దు చేయండి”, “అలాగే ఉంచండి” అని రెండు బటన్లు పెట్టాను. దానికీ “వద్దు” అని టైప్ చేస్తే బుకింగ్ కదలదు, అన్నయ్య ఫోన్ చేస్తాడు. ఇంటికి వచ్చి సామాను తీసుకెళ్లమని అడిగాక వచ్చే “వద్దు” ఇంకా విడదీయలేదు. అది రద్దా, లేక “ఇంటికి రావద్దు, నేనే తెస్తాను” అనా అన్నది వచ్చే వారం మెసేజ్‌లు చూసి లేబుళ్లు వేయాలి.